ఆఫర్ లెటర్ పక్కన హాస్టల్ రూల్స్: ఎస్సార్ నగర్ నుంచి ఒక కేస్ స్టడీ

ఇది 2024 జూన్ నాటి కేసు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు మార్చాం. సునీతది నాగర్‌కర్నూల్ జిల్లాలో అచ్చంపేట దగ్గరి పల్లె. బీకాం అయ్యాక హైదరాబాద్ వచ్చి, అమీర్‌పేటలో ట్యాలీ, జీఎస్టీ కోర్సు చేసింది. ఎస్సార్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో నలుగురి గదిలో ఉంటోంది. నెలకు 6,500. ఇంటి దగ్గర అమ్మ పేరు మీద సంఘం అప్పు ఉంది, దాని కిస్తీకీ తమ్ముడి చదువుకూ కలిపి నెలకు 6,000 పంపుతానని మాట ఇచ్చి వచ్చింది. కోర్సు అయ్యేసరికి చేతిలో ఇంకొక నెల హాస్టల్ ఫీజుకు కాస్త పైన మిగిలింది. ఆ వారంలోనే రెండు ఉద్యోగాలు వచ్చాయి.

మొదటిది నానక్‌రామ్‌గూడలో ఒక పెద్ద సంస్థకు బిల్లులు ప్రాసెస్ చేసే పని. ప్యాకేజీ మూడు లక్షలు, సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర వరకు షిఫ్టు, వారానికి ఐదు రోజులు, ఇంటికి దింపడానికి క్యాబ్. రెండోది రాణిగంజ్‌లో పంపుసెట్లు, పైపులు అమ్మే డీలర్ దగ్గర జూనియర్ అకౌంటెంట్ పని. నెలకు 18,000, పొద్దున పదింటి నుంచి రాత్రి ఏడున్నర దాకా, ఆదివారం సెలవు.

ఇలా అంకెలు చెప్పగానే విన్నవాళ్లంతా మొదటిదే అంటారు. గదిలో ఉండే రమక్క కూడా మొదట అదే అంది. రమక్కది ఖమ్మం వైపు. నాలుగేళ్లుగా మాదాపూర్‌లో ఒక కంపెనీ పేరోల్ విభాగంలో పనిచేస్తోంది, అందులో మొదటి రెండేళ్లు నైట్ షిఫ్టే. ఈ కేసులో పనికొచ్చిందీ, పక్కదారి పట్టించిందీ రెండూ ఆమె సలహాలోనే ఉన్నాయి కాబట్టి దాన్ని విడదీసి చూడాలి.

లెటర్ చదివిన రాత్రి

"అక్కా, మూడు లక్షలంటే నెలకు పాతిక వేలు కదా?" అని సునీత అడిగితే, రమక్క ఫోన్లో పీడీఎఫ్ తెరిచి చివరి పేజీకి పోయింది. "ముందు పేజీ సంతోషపడనీకి. జీతం సంగతి అనెక్సర్‌ల ఉంటది" అంది.

అనెక్సర్‌లో ఏడాదికి 3,01,860 అని ఉంది, అంటే నెలకు 25,155. దాన్ని రమక్క ఒక నోట్‌బుక్‌లో రెండు కుప్పలుగా రాసింది: సునీత ఖాతాలో నెలనెలా పడేది, పడనిది. బేసిక్ 15,000, ఇంటి అద్దె భత్యం 4,500 కలిపి 19,500. పడే కుప్ప ఇంతే. మిగతా 5,655 మొత్తం రెండో కుప్ప. అందులో కంపెనీ వాటా పీఎఫ్ 1,800, వైద్యానికి కట్టే ఈఎస్ఐలో కంపెనీ వాటా 634, ఏళ్ల సర్వీసు తర్వాత మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ 721, పనితీరును బట్టి ఏడాది చివర ఇస్తామన్న 30,000లో నెల వాటా 2,500.

పడే 19,500 నుంచి కూడా ఉద్యోగి వాటాలు పోతాయి. పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం కాబట్టి 1,800. ఈఎస్ఐ 0.75 శాతం, పై రూపాయికి సవరిస్తే 147. తెలంగాణలో జీతం 15,000 దాటి 20,000 లోపు ఉంటే వృత్తి పన్ను 150. చేతికి వచ్చేది 17,403. డీలర్ దగ్గర 18,000లో ఈఎస్ఐ 135, వృత్తి పన్ను 150 పోతే 17,715. మూడు లక్షల ప్యాకేజీ చేతికొచ్చే దగ్గర 312 రూపాయలు తక్కువ పడింది. డీలర్ దగ్గరి ఈ 17,715లో ఒక షరతు దాగి ఉంది, దాని సంగతి తర్వాత వస్తుంది.

నైట్ అలవెన్స్ ఉంటుందని ఇంటర్వ్యూ చేసిన అమ్మాయి ఫోనులో చెప్పింది. లెటర్‌లో ఎక్కడా ఆ అంకె లేదు. రమక్క దాన్ని లెక్కలో సున్నాగా వేసింది. అది సరైన పద్ధతి. మెయిల్ పెట్టి అడిగితే "ట్రైనింగ్ తర్వాత, ప్రాసెస్‌ను బట్టి" అని జవాబు వచ్చింది. అంకె లేని జవాబు కాబట్టి సున్నాను మార్చాల్సిన పని పడలేదు.

గ్రాట్యుటీ దగ్గర రమక్క కాసేపు ఆగి లెటర్ మొదటి పేజీకి తిరిగి వెళ్లింది. ఏదో తేడాగా అనిపించింది. లెటర్‌హెడ్ మీద ఉన్నది సునీత ఇంటర్వ్యూకు వెళ్లిన సంస్థ పేరు కాదు, మనుషుల్ని సప్లై చేసే స్టాఫింగ్ ఏజెన్సీ పేరు. మూడో పేరాలో "క్లయింటు ఆవరణలో" పనిచేయాలని, ఒప్పందం 11 నెలలని ఉంది. పని ఆ పెద్ద సంస్థలోనే, కానీ జీతం ఇచ్చేది, రేపు అనుభవ పత్రం ఇచ్చేది ఏజెన్సీ. 11 నెలల మనిషికి గ్రాట్యుటీ అంకె కాగితం మీదే ఉంటుంది. అప్పటి చట్టంలో ఐదేళ్లు పూర్తి కావాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో నిర్ణీత కాల ఉద్యోగులకు దాన్ని ఏడాదికి తగ్గించారు. 11 నెలలు ఈ రెండింటికీ చాలవు. ఏడాది చివర ఇచ్చే 30,000 సంగతీ అంతే. అది "పన్నెండు నెలలు పూర్తయిన ఉద్యోగులకు" అని చిన్న అక్షరాల్లో ఉంది. ఒప్పందం పొడిగిస్తేనే వస్తుంది.

ఈ విషయం ఇంటర్వ్యూలో ఎవరూ దాచలేదు, ఎవరూ చెప్పనూ లేదు. పల్లె నుంచి వచ్చిన పిల్లలు లోపలికి వెళ్లిన బిల్డింగ్ పేరే కంపెనీ పేరు అనుకుంటారు. తేడా తెలుసుకోవడానికి చూడాల్సినవి మూడు చోట్లు: లెటర్‌హెడ్, సంతకం కింద ఉన్న సంస్థ పేరు, మెయిల్ చిరునామాలో @ తర్వాతి భాగం. మూడూ ఒకే పేరు కాకపోతే పేరోల్ ఎవరిదని రాతపూర్వకంగా అడగాలి.

ఏజెన్సీ అనగానే మోసం అనుకోనక్కర్లేదు. రమక్క పీఎఫ్ చూసే ఈపీఎఫ్ఓ వెబ్‌సైట్‌లో Establishment Search తెరిచి ఏజెన్సీ పేరు కొట్టింది. View Payment Details నొక్కితే ఏ నెలకు ఎంత మందికి పీఎఫ్ కట్టారో, ఏ తేదీన జమైందో వరుసగా వస్తుంది. ఈ ఏజెన్సీ నెలనెలా కడుతోంది, మనుషుల సంఖ్య కూడా పెద్దదే. జీతం ఎగ్గొట్టే రకం కాదని అంతవరకు నమ్మవచ్చు. నెలలు ఖాళీగా కనిపించినా, వందల మంది ఉన్నామని చెప్పే సంస్థ పది మందికే కడుతున్నా అక్కడితో ఆగిపోవాలి.

హాస్టల్ గేటు దగ్గర మారిన లెక్క

ఇక్కడి దాకా చేసింది పేరోల్ తెలిసిన ఎవరైనా చేస్తారు. హాస్టల్లో ఉండే అమ్మాయి విషయంలో అసలు లెక్క దీని తర్వాతే మొదలవుతుంది. ఉద్యోగం వేళలు హాస్టల్ వేళలతో ఎక్కడ తగులుతాయో అక్కడ డబ్బు కారిపోతుంది.

ఎస్సార్ నగర్, అమీర్‌పేట హాస్టళ్లు ఎక్కువగా కోచింగ్ పిల్లల కోసం, పగటి ఉద్యోగుల కోసం నడుస్తాయి. సునీత హాస్టల్లో పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు టిఫిను. అదే సమయంలో అన్నం, కూర వండి పెడతారు, ఎవరి బాక్సు వాళ్లు కట్టుకోవాలి. మధ్యాహ్నం వడ్డన ఆదివారాలే. రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర భోజనం. పది గంటలకు గేటుకు తాళం.

ఈ వేళల మీద మొదటి ఉద్యోగాన్ని పెట్టి చూద్దాం. షిఫ్టు ఆరున్నరకు మొదలు. కంపెనీ దింపే క్యాబే ఇస్తుంది, తీసుకెళ్లే క్యాబ్ లేదు, ఎందుకంటే రాత్రి ఎనిమిది తర్వాత లాగిన్ అయ్యేవాళ్లకే పికప్ అని పాలసీలో ఉంది. కాబట్టి సునీత ఐదింటికి బయలుదేరి ఎస్సార్ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో లైను మారి, రాయదుర్గంలో దిగి అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్లాలి. ఒకవైపుకు మొత్తం 70 వేసుకున్నా నెలకు 21 రోజులకు 1,470. మూడున్నరకు పని అయితే క్యాబ్ మిగతావాళ్లను దింపుకుంటూ వచ్చేసరికి నాలుగు ముప్పావు. ఆరింటి లోపు పడుకుంటే పన్నెండున్నరకు లేస్తుంది. టిఫిను అయిపోయింది, బాక్సు అన్నం ఎత్తేశారు. కర్రీ పాయింట్‌లో ఒక కూర, కాస్త అన్నం తెచ్చుకున్నా, ఎక్కడైనా భోజనం చేసినా పూటకు 70 పోతుంది. అది ఇంకొక 1,470. షిఫ్టులో ఒక పూట భోజనం కంపెనీ ఇస్తుంది, హాస్టల్ రాత్రి భోజనం తినదు, అయినా ఫీజులో తగ్గింపు ఉండదు.

నిద్ర సంగతి దీనికంటే పెద్దది. నలుగురి గదిలో ముగ్గురు పొద్దున ఆరున్నరకు లేచే మనుషులు. బకెట్లు, మిక్సీ, ఫోన్ అలారాలు, పదకొండింటికి తుడిచే ఆయా. ఇలాంటి గదిలో పగటి నిద్ర నాలుగు గంటలకు మించి పడదు, రెండు మూడు వారాల్లో అది పనిలో తప్పులుగా బయటపడుతుంది. బిల్లుల ప్రాసెసింగ్‌లో తప్పుల శాతాన్ని బట్టే రేటింగ్, రేటింగ్‌ను బట్టే ఒప్పందం పొడిగింపు. కాబట్టి ఇద్దరి గదికి మారక తప్పదు. అదే హాస్టల్లో అది 9,000.

మొత్తం వేస్తే 17,403 నుంచి 9,000, 1,470, 1,470 పోగా మిగిలేది 5,463. ఇంటికి పంపాల్సిన 6,000కే చాలదు. డీలర్ ఉద్యోగంలో హాస్టల్ 6,500 పోగా 11,215 మిగులుతుంది. పొద్దున బాక్సు కట్టుకుని వెళ్తుంది, రాత్రి భోజనానికి ఎనిమిదిన్నరకు చేరుతుంది. బస్సు ఖర్చు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఆధార్ లాంటి గుర్తింపు కార్డులో తెలంగాణ అడ్రస్ ఉండాలి. సునీతకు ఉంది. ఆంధ్ర అడ్రస్ ఉన్న అమ్మాయి ఇదే ఉద్యోగానికి ఇదే లెక్క వేస్తే నెలకు పాస్ ఖర్చు కలుపుకోవాలి.

గేటు సంగతి డబ్బుతో తేలేది కాదు. తెల్లవారుజామున నాలుగు ముప్పావుకు తాళం ఎవరు తీస్తారని సునీత హాస్టల్ ఆంటీని అడిగింది. వాచ్‌మన్‌కు ఫోన్ చేయాలి, అతను లేస్తే తీస్తాడు, కంపెనీ నుంచి షిఫ్టు వేళలు రాసిన లెటర్ తేవాలి అని జవాబు. క్యాబ్‌లో ఎస్కార్ట్ ఉన్నా, మిగతావాళ్లను దింపాలి కాబట్టి వాళ్లు ఎక్కువసేపు ఆగలేరు. తాళం తీసే మనిషి పేరు, ఫోన్ నంబరు, అతను రాని రోజు ఇంకెవరు తీస్తారు, ఈ మూడూ తెలియకుండా నైట్ షిఫ్టు ఒప్పుకోకూడదు. లాగౌట్ వేళ మారినప్పుడల్లా ఇదే ప్రశ్న తిరిగి వేయాలి.

రమక్క ఎక్కడ సరిగ్గా చెప్పింది, ఎక్కడ కాదు

ఈ లెక్క చూసి సునీత మొదటి ఉద్యోగాన్ని వదిలేద్దామంది. అప్పుడు రమక్క అన్న మాట ఈ కేసులో అన్నిటికన్నా విలువైనది: "జాబ్ కోసం హాస్టల్ మారొచ్చు కదా చెల్లె. గచ్చిబౌలిల ఉంటే ఎంతయితదో అదీ రాయి."

గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ హాస్టళ్లు నైట్ షిఫ్టు వాళ్లను చూసుకునే నడుస్తాయి. గేటు రాత్రంతా మనిషితో ఉంటుంది, మధ్యాహ్నం వడ్డన ఉంటుంది, గదులు షిఫ్టును బట్టి కేటాయిస్తారు. ముగ్గురి గది 8,500 అని తేలింది. షేర్ ఆటో రోజుకు 20 వేసినా నెలకు 420. అప్పుడు మిగిలేది 8,483. ఇంటికి 6,000 పంపగలదు. పైగా ఆమె పీఎఫ్ వాటా 1,800, కంపెనీ వాటాలో పీఎఫ్ ఖాతాకు చేరే 550 కలిపి 2,350 పొదుపుగా పేరు మీద పెరుగుతుంది. కంపెనీ వాటాలో మిగిలిన 1,250 పింఛను ఖాతాకు పోతుంది. 8,483కు 2,350 కలిపితే 10,833. డీలర్ దగ్గర 11,215. డబ్బు లెక్కలో రెండూ దాదాపు ఒకే చోటికి వచ్చాయి.

గంటల్లో మాత్రం నానక్‌రామ్‌గూడ గెలిచింది. గచ్చిబౌలిలో ఉంటే వారానికి హాస్టల్ బయట గడిపేది యాభై గంటల పైచిలుకు. రాణిగంజ్‌కు తొమ్మిదింటికి బయలుదేరి ఎనిమిదిన్నరకు చేరితే రోజుకు పదకొండున్నర, ఆరు రోజులకు 69. వారానికి దాదాపు పద్దెనిమిది గంటలు ఎక్కువ. పగటి ఉద్యోగమే సుఖమని చెప్పేవాళ్లు ఈ అంకెను కాగితం మీద పెట్టరు.

రమక్క పొరపడింది రెండు చోట్ల. ఒకటి, తను నైట్ షిఫ్టు చేసిన రోజుల్లో గుమ్మం దాకా పికప్, డ్రాప్ రెండూ ఉండేవి. ఇక్కడా అంతే అనుకుని మొదట ప్రయాణ ఖర్చు వేయలేదు. పాలసీ కాపీ అడిగి తెప్పించుకున్నాకే తెలిసింది. రెండోది, పెద్ద సంస్థలో రెండేళ్లు చేస్తే ఎక్కడైనా తీసుకుంటారన్న ఆమె మాట తన విషయంలో నిజం, ఎందుకంటే ఆమె ఆ కంపెనీ సొంత పేరోల్ మీద ఉంది. సునీతది ఏజెన్సీ పేరోల్. లెటర్‌హెడ్ చూపింది తనే అయినా, ఆ రాత్రి దాని పర్యవసానం దాకా రమక్క వెళ్లలేదు. తోటి మనిషి అనుభవంలో నుంచి ప్రశ్నలు తీసుకోవాలి, తీర్పు తీసుకోకూడదు. తీర్పులో ఆమె జీవితంలోని షరతులు కలిసి ఉంటాయి, అవి ఆమెకే కనిపించవు.

రాణిగంజ్‌ను ఎలా పరీక్షించారు

చిన్న దుకాణానికి హెచ్ఆర్ ఉండదు, రివ్యూలు ఉండవు. అందుకే చాలామంది దాన్ని పరీక్షించకుండానే ఒప్పుకుంటారు, లేదా పరీక్షించకుండానే వదిలేస్తారు. ఇక్కడ సునీత తన కోర్సులో నేర్చుకున్నదాన్నే వాడింది, రమక్కకు ఇది తెలియదు.

దుకాణం బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉంటుంది. జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer కింద ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ నడుస్తోందా లేదా కనిపిస్తుంది. అక్కడే Show Filing Table నొక్కితే ఏ నెల రిటర్ను ఏ తేదీన వేశారో వస్తుంది. నెలవారీగా వేసే వ్యాపారి అమ్మకాల రిటర్ను GSTR-1ను తర్వాతి నెల 11 లోపు, పన్ను కట్టే GSTR-3Bని 20 లోపు వేయాలి. ఏడాదిలో రెండు నెలలు తప్ప ఈ డీలర్ అన్నీ గడువులోనే వేశాడు, ఆ రెండూ మూడు నాలుగు రోజుల ఆలస్యమే. 3B అంటే చేతి నుంచి డబ్బు కట్టాల్సిన రిటర్ను. నెలల తరబడి అది వెనకబడుతూ ఉంటే దుకాణంలో నగదు ఆడటం లేదని అనుమానించాలి, అలాంటి చోట జీతం తేదీ కూడా వెనక్కి జరుగుతుంది. దీనికి మినహాయింపులు ఉంటాయి. పాత అకౌంటెంట్ బద్ధకం వల్ల కూడా ఆలస్యం కావచ్చు. అయినా బయటి మనిషి పది నిమిషాల్లో చూడగలిగిన సాక్ష్యం ఇంతకంటే మంచిది లేదు.

తర్వాత ఆమె సాయంత్రం ఏడింటికి అక్కడికి వెళ్లింది, ఇంటర్వ్యూ వేళకు కాదు. దుకాణం నిజంగా ఎన్నింటికి మూస్తారో, ఆ సందులో వెలుతురు ఎంత ఉందో, బస్టాపు దాకా నడక ఎలా ఉందో చూడటానికి. ఏడు నలభైకి షట్టరు దించారు. బిల్లింగ్‌లో ఇంకొక ఆవిడ ఉంది. ఆడవాళ్లకు విడిగా టాయిలెట్ ఉందా అని సునీత ఆవిడనే అడిగింది. మొదటి అంతస్తులో గోడౌన్ పక్కన ఉంది, తాళంచెవి కౌంటర్‌లో ఉంటుంది. హోల్‌సేల్ బజారుల్లో ఈ ప్రశ్న తప్పక అడగాలి. లేకపోతే పదకొండు గంటలు నీళ్లు తాగకుండా గడిపే ఉద్యోగం అవుతుంది. పాత అకౌంటెంట్ ఎందుకు మానేశాడంటే, పెళ్లై ఊరు మారాడని యజమాని అన్నాడు, స్టోర్ కుర్రాడు కూడా అదే అన్నాడు. రెండు నోళ్ల నుంచి ఒకే మాట వస్తే సరిపోతుంది.

ఇక పైన చెప్పిన షరతు. యజమాని "కటింగులేం ఉండవమ్మా, 18,000 చేతికే" అన్నాడు. వినడానికి బాగుంటుంది, కానీ కటింగ్ లేదంటే ఈఎస్ఐ లేదని అర్థం. దుకాణంలో పద్నాలుగు మంది. పీఎఫ్ 20 మంది ఉన్న చోటే తప్పనిసరి, కాబట్టి అది లేకపోవడం తప్పు కాదు. ఈఎస్ఐ మాత్రం పది మంది ఉంటే చాలు, జీతం 21,000 లోపు వాళ్లందరికీ వర్తిస్తుంది. ఉద్యోగి ఇచ్చేది 0.75 శాతం, యజమాని 3.25 శాతం. సునీత విషయంలో నెలకు 135. దానికి బదులు వైద్యం ఆమెకూ, ఆమె మీద ఆధారపడిన తల్లిదండ్రులకూ దొరుకుతుంది. జబ్బుపడి సెలవు పెడితే, ముందటి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉంటే, 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రి ఆమె హాస్టల్‌కు ఒక మెట్రో స్టేషన్ దూరం.

ఆమె అడిగిన తీరు బాగుంది. "ఈఎస్ఐ ఎందుకు లేదు సార్" అని కాదు, "నా ఈఎస్ఐ నంబరు ఏ నెల నుంచి వస్తది సార్? ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ ఇప్పుడే ఇయ్యాల్నా?" అని. ఉందని అనుకుని అడిగిన ప్రశ్నకు లేదని చెప్పడం కష్టం. యజమాని ఆడిటర్‌కు ఫోన్ చేసి, ఇప్పటికే తొమ్మిది మందికి ఉందని, ఈమెకూ చేయిస్తానని అన్నాడు. ఒక పేజీ నియామక పత్రం అడిగితే రెండు రోజుల తర్వాత ఇచ్చాడు. అందులో ఆమె అడిగి వేయించుకున్నవి నాలుగు: జీతం బ్యాంకు ఖాతాకే, ప్రతి నెల 7 లోపు; ఈఎస్ఐ చేరిన నెల నుంచే; మానేయాలంటే ఇరువైపులా 30 రోజుల నోటీసు; ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇస్తారు, దగ్గర పెట్టుకోరు.

నిర్ణయం, ఏడాది

డబ్బు సమానం, గంటలు నానక్‌రామ్‌గూడకు అనుకూలం. అయినా సునీత రాణిగంజ్ ఎంచుకుంది, అది సరైన నిర్ణయమే. రెండు కారణాలు ఉన్నాయి, రెండూ ఆమెకే చెందినవి.

మొదటిది చేతిలో ఉన్న డబ్బు. ఏజెన్సీ లెటర్‌లో చేరే తేదీ "జులై మొదటి వారం, బ్యాచ్‌ను బట్టి". మొదటి జీతం జులై చివర. బ్యాచ్ వెనక్కి జరిగితే ఆగస్టు చివర. పైగా గచ్చిబౌలి హాస్టల్‌కు అడ్వాన్సు కట్టాలి, ఎస్సార్ నగర్ అడ్వాన్సులో నోటీసు ఇవ్వలేదని కొంత కోస్తారు. ఆమె దగ్గరున్నది అంతకాలం ఆగదు. డీలర్ జూన్ 10న రమ్మన్నాడు, జులై 7కి మొదటి డబ్బు. ఇంటి నుంచి తెప్పించుకునే వీలున్న అమ్మాయికి ఈ కారణం అసలు లెక్కలోకే రాదు.

రెండోది పని స్వభావం. నానక్‌రామ్‌గూడలో పని ఒక ముక్క: బిల్లు స్కాన్ వస్తుంది, ఆర్డర్ నంబరుతో సరిపోల్చి ఎంటర్ చేయాలి. అదే పని పదివేల సార్లు చేసినా మిగతా పుస్తకం కనిపించదు. అనుభవ పత్రం ఏజెన్సీది కాబట్టి ఆ ముక్కకు కూడా పెద్ద పేరు తోడు ఉండదు. రాణిగంజ్‌లో కొనుగోలు ఎంట్రీ నుంచి బ్యాంకు సరిపోల్చడం, సరుకు లెక్క, ఈ-వే బిల్లు, రిటర్ను తయారీ వరకు అన్నీ ఒకే టేబుల్ మీదుగా పోతాయి. కొన్నేళ్లకు అచ్చంపేటకో కల్వకుర్తికో తిరిగి వెళ్లి ఎరువుల దుకాణాలకు, పత్తి వ్యాపారులకు లెక్కలు రాయాలన్నది ఆమె ఆలోచన. దానికి ఈ పని నేరుగా పనికొస్తుంది. నగరంలోనే ఉండి కార్పొరేట్ కెరీర్ కోరుకునే అమ్మాయికి, పైగా కంపెనీ సొంత పేరోల్ మీద ఆఫర్ ఉంటే, ఇదే లెక్కకు ఎదురు జవాబు రావాలి.

ఏడాదిలో అనుకున్నట్టు జరగనివీ ఉన్నాయి. ప్రతి నెలా 8 నుంచి 11 వరకు, మళ్లీ 18 నుంచి 20 వరకు రిటర్ను పని వల్ల తొమ్మిది దాటేది. హాస్టల్ భోజనం తొమ్మిదిన్నరకు మూస్తారు కాబట్టి ఆ రోజుల్లో రమక్క ఒక డబ్బాలో అన్నం, కూర తీసిపెట్టేది. ఇది ముందే ఊహించాల్సిన ఖర్చు, గదిలో మనిషి సాయం లేకపోతే నెలకు ఆరేడు పూటలు బయట తినాలి. ఈఎస్ఐ నంబరు రెండో నెల చివరికి గానీ రాలేదు, రెండుసార్లు నియామక పత్రం చూపించి అడగాల్సి వచ్చింది. పీఎఫ్ లేని లోటు పూడ్చుకోవడానికి మొదటి జీతం నుంచే పోస్టాఫీసులో నెలకు 1,500 ఆర్‌డీ మొదలుపెట్టింది. మూడో నెలలో మొదలుపెడదామనుకున్నవాళ్లలో ఎక్కువమంది మొదలుపెట్టరు.

2025 జూన్‌లో యజమాని జీతం 22,000 చేశాడు. అది 21,000 దాటింది కాబట్టి ఈఎస్ఐ వెంటనే ఆగిపోతుందని దుకాణంలో అందరూ అనుకున్నారు. ఆగదు. ఈఎస్ఐకి చందా కాలాలు రెండు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. కాలం మధ్యలో జీతం పరిమితి దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, అది కూడా పూర్తి 22,000 మీద, అంటే నెలకు 165. వృత్తి పన్ను 200 అయింది. చేతికి 21,635. అక్టోబరు 1 నుంచి కొత్త చందా కాలంలో ఆమె ఈఎస్ఐ పరిధి దాటుతుంది. కట్టిన చందాల మీద వచ్చే వైద్యం ఇంకొంత కాలం నడిచినా, అమ్మానాన్నలను కలిపి సొంత ఆరోగ్య బీమాను సెప్టెంబరులోపే తీసుకోమని రమక్క చెప్పింది. కొత్త పాలసీల్లో కొన్ని జబ్బులకు నెలలు, ఏళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది కాబట్టి, ఈఎస్ఐ వైద్యం అందుతున్నప్పుడే ఆ గడువు కొంత కరిగిపోవడం మంచిది.